స్నేహం అని రాస్తే ఏం వస్తుంది

చిట్యాలలో హైవే పక్కన ఉన్న మా ఫ్లెక్సీల దుకాణంలో ఆ అమ్మాయి బొమ్మ గీయించడానికి మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చుంది. బొమ్మ కోసం మాటలు రాసే గడిలో "స్నేహం" అని ఒక్క మాట కొట్టి, మీట నొక్కి, చేతులు ఒడిలో పెట్టుకుని ఎదురుచూసింది. అర నిమిషంలో బొమ్మ వచ్చింది. ఎర్రటి సూర్యుడు, కొండ మీద నల్లటి నీడల్లా ఇద్దరు మనుషులు, పైకెత్తిన చేతులు. ముఖాలు లేవు. కింద ఏ భాషవో తెలియని వంకర అక్షరాలు.

"గిది మా అక్క కాదు" అంది.

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆమె నవ్వడం లేదు.

ఆమె అక్క నా స్నేహితురాలు. డిగ్రీ మూడేళ్లు ఒకే బస్సు, ఒకే బెంచీ. పోయి అప్పటికి పది నెలలు దాటింది. సంవత్సరీకానికి వాళ్ల ఊరి మొదట్లో కట్టే ఫ్లెక్సీలో ఫొటోతో పాటు, స్నేహితురాలితో ఉన్న బొమ్మ కూడా ఒకటి ఉండాలని వాళ్లమ్మ కోరిక. మేమిద్దరం కలిసి దిగిన ఫొటో ఒక్కటీ మిగలలేదు. అప్పటి నా ఫోన్ నీళ్లలో పడిపోయింది, తనకు అప్పట్లో ఫొటోలు తీసే ఫోన్ లేదు. మిగిలింది హాల్‌టికెట్ మీద ఉన్న బొమ్మ, ఎవరి పెళ్లిలోనో వరసలో నిలబడినప్పటి అరముఖం. అందుకే ఈ బొమ్మలు గీసే యంత్రంతో పని పడింది.

ఆ అమ్మాయిని దుకాణంలో పనికి పెట్టించింది నేనే. ఇంటర్ అయ్యాక ఇంట్లోనే ఉంటోందని తెలిసి, యజమానితో మాట్లాడి, పని నేర్పుతానని పిలిపించాను. ఊళ్లో అందరూ నా గుణాన్ని మెచ్చుకున్నారట. నాకు మాత్రం భయంగా ఉండేది. నేను ఆమెకు చెప్పని సంగతి ఒకటుంది. వాళ్లక్క ఆఖరిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నేను లోపలికి రానివ్వలేదు. ఆ సంగతి తెలిస్తే ఈమె కూడా పోతుంది. నా స్నేహితురాలికి సంబంధించినది నా దగ్గర ఇంకేమీ మిగలదు.

ఆ రోజు సంగతి ముందే చెబుతాను. దాచుకుంటూ రాస్తే ఇది రాయడం దండగ.

తనకు టీబీ వచ్చింది. మొదట రెండు నెలలు ఇంట్లో విడిగా పడుకుంది, గోళీలు వేసుకుంది. నాలుగో నెలలో కఫం పరీక్ష చేసి, ఇక ఎవరికీ అంటదు, మనుషుల్లో తిరగొచ్చు, గోళీలు మాత్రం ఆపొద్దు అని దవాఖానలో చెప్పారు. ఫోన్ చేసి నాకా మాట ఎంత సంతోషంగా చెప్పిందో. నేను చదివింది బీఎస్సీ. ఆ మాట నిజమని నాకు పుస్తకం చూడకుండా తెలుసు. పరీక్షలో ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకున్నదాన్ని.

ఒక మధ్యాహ్నం చెప్పకుండా వచ్చింది. మా పాపకు అప్పుడు ఏడు నెలలు. కాన్పయినప్పటి నుంచి నాకు పాప గురించి లేని భయం లేదు. దగ్గితే భయం, దగ్గకపోతే భయం. నిద్రలో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. పాపను చంకనెత్తుకుని తలుపు తీస్తే, వాకిట్లో తను. ముఖానికి మాస్క్, చిక్కిపోయిన భుజాలు. నన్ను చూడగానే గేటు పక్కన నల్లా దగ్గరికి పోయి, మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. సబ్బు లేదు. రెండుసార్లు కడుక్కుంది. వచ్చి, తడి చేతులు చాపి, "జరసేపియ్యవే" అంది.

"ఇప్పుడే పన్నది, లేస్తే ఏడుస్తది" అన్నాను.

పాప నా చంకలో కళ్లు పెద్దవి చేసి తననే చూస్తోంది.

తను పాపను చూసింది, నన్ను చూసింది. చేతులు మెల్లగా వెనక్కి తీసుకుని చున్నీకి తుడుచుకుంది. "మంచిదే తియ్, పండనియ్" అంది. పాపకు చెయ్యూపింది. వెళ్లిపోయింది. బస్టాండు దాకా నడిచే వెళ్లి ఉంటుంది.

మరో రెండు నెలలకు ఆ గోళీలే ఒంటికి పడక కామెర్లయ్యాయి. పెద్ద దవాఖానలో వారం రోజులు ఉంది. పాపను వదిలి ఎట్లా వెళ్లాలా అని నేను అనుకుంటూ ఉండగానే అయిపోయింది.

ఇవన్నీ కడుపులో పెట్టుకుని, ఆమె చెల్లెలికి స్నేహాన్ని బొమ్మగా ఎట్లా మార్చాలో నేర్పడానికి కూర్చున్నాను.

రెండో రోజు ఆ అమ్మాయి ఒక కాగితం మీద చాలా రాసుకొచ్చింది. "ప్రాణానికి ప్రాణమైన స్నేహం, విడదీయరాని బంధం, మరణం కూడా చెరపలేని జ్ఞాపకం." మా దుకాణంలో నెలకు వంద ఫ్లెక్సీల మీద ఇవే మాటలు పడతాయి. పుట్టినరోజుకు కొన్ని, సంతాపానికి కొన్ని. ఆమె మూడు నెలలుగా వాటినే కొడుతోంది, కాబట్టి బొమ్మకు కూడా అవే మాటలు కావాలనుకుంది. మీట నొక్కింది. ఇనుప గొలుసుతో కట్టేసిన రెండు గుండెకాయలు వచ్చాయి, చుట్టూ నీలం వెలుగు.

మా యజమాని వెనక నుంచి తొంగిచూశాడు. అతన్ని మేం అన్నా అంటాం.

"గిదేంది, మటన్ కొట్టు ఓపెనింగా?" అన్నాడు.

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "నువ్వు పో అన్నా" అన్నాను.

"పోతా గని, దోస్తానంటే రెండు చేతులు, ఒక సూర్యుడు. ఐదు నిమిషాల పని. మీరిద్దరు దీని మీద పీహెచ్‌డీ జేస్తున్రు" అని బయటికి పోయాడు. దోస్తుల దినం వచ్చినప్పుడల్లా అతను అదే బొమ్మ వేసేవాడు. ఎవరూ వెనక్కి ఇవ్వలేదు.

అప్పుడు ఆమెకు నాకు తెలిసినంతలో చెప్పాను. ఈ యంత్రం లక్షల బొమ్మల్ని, వాటి కింద జనం రాసిన మాటల్ని కలిపి నేర్చుకుంది. స్నేహం అన్న మాట ఎక్కువగా ఏ బొమ్మల పక్కన కనపడిందో అవే కలిపి ఇస్తుంది. సూర్యుడు, నీడలు, చేతులు. అవి ఎవరివీ కావు. దానికి మీ అక్క తెలియదు. స్నేహం అంటే ఏమిటో అసలే తెలియదు. నువ్వు కంటికి కనిపించేది చెబితేనే అది గీయగలదు.

"స్నేహం కంటికి కనపడదు గదక్కా."

"కనపడదు. అది ఉన్నప్పుడు మనుషులు ఏం జేస్తరో అది కనపడుతది."

ఆమెకు ఎక్కలేదు. తల ఊపింది గాని ఎక్కలేదని తెలుస్తోంది.

"మీ బాపు మందను మేపనీకి తోలుకొని అచ్చంపేట దిక్కు పోతడు గద. ఆయనకు దోస్తులున్నరా?"

"ఒకాయనున్నడు. ఇద్దరి మందలు ఒక్కతాన పంటయి."

"ఆయనతోని మీ బాపు దోస్తానా ఎట్లుంటది? నువ్వు సూసింది చెప్పు. మంచిగుంటది, గట్టిగుంటది, గవి చెప్పకు."

ఆమె ఆలోచించింది. "మాట్లాడుకోరు ఎక్కువ. మా బాపు పంటే ఆయన కూసుంటడు. ఆయన పంటే మా బాపు కూసుంటడు. పన్నోని మీద గొంగడి కప్పుతరు."

"గదే రాయి."

"గదంతేనా? గందుల దోస్తానా అనే ముచ్చటే లేదు గద."

"రాయి, సూద్దాం."

ఆమె రాసింది. ఇద్దరు గొర్రెల కాపరులు. ఒకరు పడుకున్నారు, ఒకరు కూర్చున్నారు. కూర్చున్నాయన పడుకున్నాయన మీద గొంగడి కప్పుతున్నాడు. మొదటిసారి రంగురంగుల దుప్పటి, పచ్చటి విదేశీ కొండలు, మంచులా తెల్లటి ఉన్ని గొర్రెలు వచ్చాయి. గొంగడి అంటే దానికి తెలియలేదు, నల్లటి ముతక ఉన్ని దుప్పటి అని చెప్పాలి. నేల రాళ్లతో, ఎండిన గడ్డితో ఉండాలని చెప్పాలి. గొర్రెలు గోధుమ రంగువి, ఉన్ని తక్కువ. ఇద్దరి వయసు యాభై పైన, తలకు రుమాలు. పొద్దు పొడవకముందు వెలుగు. కొంచెం దూరం నుంచి చూసినట్టు, ఇద్దరూ పూర్తిగా కనపడేట్టు. ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోయింది. ఆరోసారి వచ్చిన బొమ్మలో కూర్చున్న మనిషి, పడుకున్న మనిషి కాళ్ల మీదికి నల్ల గొంగడి లాగుతున్నాడు. అతని చూపు గొర్రెల మీద ఉంది, చెయ్యి మాత్రం గొంగడి మీద ఉంది.

ఆమె చాలాసేపు దాన్నే చూసింది. "అక్కా, గీయిన మా బాపు లెక్కనే ఉన్నడు. ముఖం గాదు. కూసునుడు."

"ముఖం మాటలతోని రాదు. కూసునుడు వస్తది" అన్నాను.

ఆ రోజు నుంచి ఆమెకు దారి దొరికింది. నేను చెప్పిందల్లా ఒక పాత డైరీలో రాసుకునేది. ఎవరు, ఎంతమంది. చేతులు ఎక్కడున్నాయి. కళ్లు ఎటు చూస్తున్నాయి. ఇద్దరి మధ్య ఎంత దూరం. మధ్యలో ఏముంది. ఎక్కడ, ఏ వెలుగులో. ఎక్కడ నిలబడి చూస్తున్నాం. బాధ, ప్రేమ అని రాస్తే అది ఏడుపు ముఖాలు, గుండె గుర్తులు వేస్తుంది కాబట్టి ఆ మాటలు వద్దు. ఏదైనా వద్దనుకుంటే, లేదు అని రాయకుండా ఆ ఊసే ఎత్తకూడదు. గొడుగు లేదు అని రాస్తే చాలాసార్లు గొడుగే వచ్చి కూర్చుంటుంది. తెలుగు అక్షరాలను దాని చేత రాయించొద్దు, అవి తర్వాత మనం విడిగా పెట్టుకుందాం. అన్నీ రాసుకుంది. రాసుకునేటప్పుడు నాలుక కొంచెం బయట పెట్టేది. వాళ్లక్కా అంతే.

"ఇగ మీ ఇద్దరిది చెప్పు" అంది ఒక రోజు. "మీ దోస్తానా ఏడ కనవడ్తది?"

నేను బస్సు చెప్పాను. చిట్యాల నుంచి నల్లగొండకు పొద్దుటి బస్సులో ఒక్క సీటే దొరికేది. నార్కట్‌పల్లి దాకా తను కూర్చునేది, నేను నిలబడేదాన్ని. అక్కడి నుంచి నేను కూర్చునేదాన్ని, తను నిలబడేది. కూర్చున్నవాళ్ల ఒడిలో రెండు బ్యాగులు, రెండు టిఫిన్ డబ్బాలు. నిలబడినవాళ్లు కూర్చున్నవాళ్ల చేతిలోని నోట్సు పైనుంచి చదివేవాళ్లు. మూడేళ్లలో ఒక్కసారి కూడా ఎవరి వంతు అని మేం మాట్లాడుకోలేదు. నార్కట్‌పల్లి రాగానే తను లేచేది.

ఆ అమ్మాయి రాసింది. మొదట పసుపుపచ్చ విదేశీ బడి బస్సు వచ్చింది. తర్వాత ఇద్దరికీ ఒకే ముఖం వచ్చింది, కవలల్లాగా. ఒకరికి బక్కపలచటి ముఖం, రెండు జడలు, ఇంకొకరికి గుండ్రటి ముఖం, ఒక జడ అని విడివిడిగా చెప్పాక సరిగ్గా వచ్చింది. రెండు బ్యాగులు అంటే ఒకసారి నాలుగు ఇచ్చింది. మర్నాటికి బొమ్మ కుదిరింది. కిటికీ పక్క సీటులో ఒక పిల్ల, ఒడిలో పేర్చిన బ్యాగుల మీద తెరిచిన నోట్సు. పైన రాడ్డు పట్టుకుని వంగిన ఇంకో పిల్ల. ఇద్దరి కళ్లూ ఒకే పేజీ మీద.

"ఒడిల రెండు సంచులు" అంది ఆమె. "దోస్తానా అంటే గిదే గదక్కా. గిప్పుడు సమజైంది."

నేను బయటికి పోయి రెండు నిమిషాలు హైవే మీద లారీలను చూసి వచ్చాను. ఆ బొమ్మతో పని అయిపోతే బాగుండేది. నేను ఊపిరి పీల్చుకున్నాను కూడా.

రెండు రోజుల తర్వాత ఆమె ఆ బస్సు బొమ్మను ఫోన్లో తీసుకుపోయి వాళ్లమ్మకు చూపించింది. మర్నాడు వచ్చి, కుర్చీ లాక్కుని, "అమ్మకు గిది కాదట అక్కా" అంది.

"ఎందుకు?"

"మంచిగున్నది అన్నది. గని అమ్మకు పాపది కావాల్నట. మా అక్క మీ ఇంటికొచ్చి పాపనెత్తుకున్నది గద, గది." ఆమె డైరీ తెరిచింది. "నేనే రాసిన, నువ్వు సూడు. ఈసారి నువ్వేం చెప్పకముందే రాసిన."

చదవడం మొదలుపెట్టింది.

"ఒక చిన్న కిరాయి ఇల్లు. ముందటి అర్రల నవారు మంచం. మంచం మీద ఇరవై ఐదేండ్ల బక్కపలచటి అమ్మాయి కూసున్నది. మాస్కు గదుమ కిందికి ఉన్నది. ఒడిల ఏడు నెలల పాప. పాప రెండు చేతులతోని ఆమె జడ పట్టుకొని గుంజుతున్నది. ఆమె తల పాప దిక్కు ఒంగి ఉన్నది, నొస్తున్నదని ఒక కన్ను మూసుకున్నది, గని నవ్వుతున్నది. పక్కపొంటి ఆమె దోస్తు కూసోని, పాప చేతుల్లకెళ్లి జడ ఇడిపిస్తున్నది. మధ్యాన్నం. తలుపులకెళ్లి ఎండ మంచం దాకా పడుతున్నది."

"ఇదంతా ఎవరు చెప్పిన్రు?" అని అడిగాను.

"మా అక్కనే. ఆ రోజు వచ్చినంక ఎంతసేపు చెప్పిందో. పాప జడ వదల్లేదట గద. ఒడిల పాస్ పోసిందట. వచ్చి చున్నీ ఉతుక్కున్నది. దవాఖానలున్నప్పుడు గూడ అమ్మకు గదే చెప్పేది. గా పోరి జడ గుంజుడు, గా నొప్పి ఇంకా ఉన్నది అమ్మా, అని నవ్వేది." ఆమె డైరీలోంచి తలెత్తింది. "ఏందక్కా, ఏమన్న తప్పు రాసిన్నా? దూరం చెప్పిన, చేతులు చెప్పిన, వెలుగు చెప్పిన. బాధ అని ఏడా రాయలే."

తప్పేమీ లేదు. నేను నేర్పిన దానికంటే బాగా ఉంది. ఆ ఒక కన్ను మూసుకోవడం నేను ఎప్పటికీ రాయలేను. కానీ దాన్ని ముందుగా అల్లింది ఈ అమ్మాయి కాదు. వాకిట్లోంచి వెనక్కి తిరిగిన మనిషి, బస్సులో ఇంటికి పోతూ, నేను చెయ్యనిదంతా ఒక్కొక్కటీ పేర్చుకుంది. మంచం, ఎండ, జడ, నా చేతులు. నన్ను పక్కన కూర్చోబెట్టింది. ఇంటికి పోయి చున్నీ కూడా ఉతుక్కుంది. వాళ్లమ్మ, చెల్లెలు, ఊరంతా నా గురించి ఒక్క మాట అనకుండా ఉండడానికి ఎంత చేసిందో.

"పాప ఏ రంగు గౌను ఏసుకున్నదక్కా? గదొక్కటి మా అక్క చెప్పలే" అంది, కలం పట్టుకుని.

ఏదో ఒక రంగు చెప్పేస్తే అయిపోయేది. పసుపు అందామని నోరు తెరిచాను.

"మంచం మీద కూసోలే" అన్నాను. "లోపలికే రాలే. నేను రానియ్యలే."

దుకాణంలో ప్రింటింగ్ మిషన్ తిరుగుతోంది. ఎవరిదో పుట్టినరోజు. ఫ్లెక్సీ మెల్లగా బయటికి వస్తోంది. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. నల్లా, తడి చేతులు, పాప నిద్రపోయిందన్న నా మాట, చంకలో మెలకువగా ఉన్న పాప. అంటదని నాకు తెలుసన్నది కూడా చెప్పాను. అది చెప్పకపోతే మిగతాది చెప్పి లాభం లేదు.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె డైరీలో కొత్త పేజీ తిప్పింది.

"ఎంత దూరముండె మీ ఇద్దరి నడుమ?" అంది.

"మూడు మెట్లు. నాలుగడుగులు."

"మా అక్క చేతులు ఏడున్నయ్?"

"చాపింది. మోచేతుల దాకా తడి. నీళ్లు కారుతున్నయ్."

"పాప ఎటు జూస్తుండె?"

"మీ అక్కను."

"నువ్వెటు జూస్తున్నవ్?"

"నల్లాను" అన్నాను. "మీ అక్క పట్టుకున్న నల్లాను."

"పోయినంక ఏం జేసినవ్?"

"బ్లీచింగ్ పోసి నల్లా కడిగిన."

ఆమె ఏమీ రాసుకోవడం లేదని అప్పుడు చూశాను. కలం పేజీ మీద ఆనించి ఉంది, అంతే. నేను రోజూ ఆమెకు నేర్పిన ప్రశ్నలే అవి. వాటిలో కోపం లేదు. అందుకే వాటికి అడ్డం పడే మాటేదీ నాకు దొరకలేదు. భయమైంది, కాన్పయిన కొత్త, నిద్రలేక మనసు బాగాలేదు, అన్న మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఏడాదిగా కూడబెట్టుకున్నవే. ఆమె అడిగిన వాటిల్లో వాటికి చోటు లేదు.

"అమ్మకు చెప్పకు" అంది డైరీ మూస్తూ. "అమ్మకు గదొక్కటే ఉన్నది."

తర్వాత ఆమె కంప్యూటర్ వైపు తిరిగి, తను రాసుకొచ్చిందంతా కొట్టింది. ఒక వాక్యం దగ్గర ఆగింది. "పక్కపొంటి ఆమె దోస్తు కూసోని" అన్న దగ్గర. దాన్ని మొదటి నుంచి చివరి దాకా తీసేసింది. లేదు అని రాయలేదు. నా ఊసే లేకుండా చేసింది. గౌనుకు ఆమే ఏదో రంగు వేసుకుంది, మంచం వెనక గోడకు సున్నం రంగు వేసింది. రంగులద్దిన బొమ్మలాగా ఉండాలని, ఫొటో అని ఎవరూ అనుకోకూడదని చివర్లో చేర్చింది. అదీ నేను చెప్పిందే. సాయంత్రానికి నాలుగు బొమ్మల్లోంచి ఒకటి ఎంచింది. నన్ను ఏది బాగుందని అడగలేదు.

అన్న వచ్చి చూసి, ఈసారి వెటకారం ఆడలేదు. "ఎవరు నేర్పిన్రు గింత మంచిగ?" అన్నాడు.

ఆమె సంచి భుజానికి తగిలించుకుంటూ, "మా అక్క" అంది.

ఫ్లెక్సీ ప్రింటయ్యే దాకా వచ్చింది, ఆ తర్వాత పని మానేసింది. నల్లగొండలో ఏదో ఫొటో స్టూడియోలో చేరిందని అన్న చెప్పాడు. "గంత మంచిగ పని వచ్చిన పిల్లను పోనిస్తివి" అని నా మీద రెండు రోజులు గునిశాడు. నేను రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. పాప నిద్రపోయాక ఇది రాస్తూ, ఫోన్ బోర్లా పెట్టి ఉంచుకుంటున్నాను. ఆమె చేస్తుందని కాదు. మూడోసారి నేను చెయ్యకుండా.

సంవత్సరీకానికి రమ్మని వాళ్లమ్మ స్వయంగా ఫోన్ చేసింది. "పాపను తోలుకరా బిడ్డా, మర్వకు" అంది. పోకపోతే ఎందుకు రాలేదని అడుగుతుంది, పోతే ఆ బొమ్మ ముందు నిలబడాలి. పోయాను.

ఊరి మొదట్లో ఆటో దిగగానే ఫ్లెక్సీ కనిపించింది. ఒక పక్క హాల్‌టికెట్ ఫొటో పెద్దది చేసి పెట్టారు. ఇంకో పక్క ఆ బొమ్మ. మంచం, ఎండ, ఒక కన్ను మూసుకుని నవ్వుతున్న మనిషి, జడ పట్టుకున్న పాప. ముఖం తనది కాదు. కూర్చోవడం తనదే. మా పాప చెయ్యెత్తి బొమ్మలోని పాపను చూపించి ఏదో అంది. నేను వినలేదు.

ఇంటి ముందు పందిరి కింద వాళ్లమ్మ ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది, నేనే దగ్గరికి పోయాను. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. అందరికీ చూపిస్తూ, "గీ పోరే, మా బిడ్డ జడ గుంజింది" అంది. ఆడవాళ్లు పాప బుగ్గలు పుణికారు. ఒకామె, "గా బొమ్మల నువ్వు లేవేం బిడ్డా? నువ్వు గూడ ఉంటివి గద ఆ రోజు?" అంది నన్ను.

వాళ్లమ్మ కూడా నా వైపు తిరిగింది. "అవు, నేను గూడ గదే అడిగిన మా చిన్నదాన్ని. నువ్వు పక్కనే ఉంటివి గద?"

ఉన్నానన్నా అబద్ధమే, లేనన్నా వాళ్లమ్మకున్న ఆ ఒక్కటీ పోతుంది. పందిరి గుంజ దగ్గర ఆ అమ్మాయి విస్తర్ల కట్ట పట్టుకుని నిలబడి ఉంది. అప్పటి దాకా నా వైపు చూడలేదు.

"ఉండె, అమ్మా" అంది ఆమె. "నిలవడి సూస్తుండె."

వాళ్లమ్మ తల ఊపింది, తృప్తిగా. ఆ అమ్మాయి విస్తర్లు వేయడానికి వరస దగ్గరికి వెళ్లిపోయింది.

"ఏదీ, నాకియ్యి జరసేపు" అని వాళ్లమ్మ చేతులు చాపింది. అప్పుడే వంట దగ్గర నుంచి వచ్చి కూర్చుంది కాబోలు, చేతులు తడిగా ఉన్నాయి. పాప కొత్త మనిషిని చూసి నా మెడ పట్టుకుంది. ఆ వేళ్లు ఒక్కొక్కటీ విడిపించి, పాపను ఆమె ఒడిలో పెట్టాను. పాప ఏడ్చింది. ఎత్తుకోవాలని నా చేతులు ముందుకు వచ్చాయి. వాటిని నా ఒడిలోనే పెట్టుకుని కూర్చున్నాను.